గుళిక చుట్టూ పొర

లెన్సు మీద నూనె అలాగే ఉంది, పైన వేలిముద్రతో సహా. ఎవరో వాడుకుని, తుడవకుండా, దీపం కూడా ఆర్పకుండా పోయారు. పద్దెనిమిదేళ్ళుగా ఆ మైక్రోస్కోపు గదిని చూసుకుంటున్న ఆవిడకు ఆ జిగట కనపడితే అన్నంలో వెంట్రుక వచ్చినట్టే ఉంటుంది. సంస్థలో అందరూ ఆవిడను అక్క అనే పిలుస్తారు. ఆవిడకన్నా పదేళ్ళు పెద్దయిన డైరెక్టరుకూ ఆవిడ అక్కే. అక్క లెన్సు కాగితం మడిచి, ఒకే వైపుకి మెల్లగా లాగి తుడిచింది. మురికి కాగితాన్ని బుట్టలో వేస్తూ "ఛీ" అంది.

"పొద్దున్నే ఎవరిమీదక్కా?" అంటూ తళుకు సారు లోపలికొచ్చాడు.

చేతిలో బిస్కెట్ల పొట్లం. ఈ గదిలోకి తిండి తేకూడదని తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ కాగితం అంటించేటప్పుడు కుర్చీ కదలకుండా పట్టుకున్నది అతనే, పన్నెండేళ్ళ కిందట విద్యార్థిగా ఉన్నప్పుడు. ఫోకస్ మర ఎటు తిప్పాలో అక్క దగ్గరే నేర్చుకున్నాడు. ఇప్పుడు మందుని కణంలోకి మోసుకెళ్ళే గుళికలు తయారుచేసే బృందానికి పెద్ద. అతని రిపోర్టుల్లో బొమ్మలు మెరిసిపోతాయి గనక తళుకు సారన్నారు. ఆ పేరులో ఎగతాళి ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు. మెచ్చుకోలే అనుకుంటున్నాడు.

"బయట తిని రా," అంది అక్క.

"రెండే ఉన్నాయిలే అక్కా." రెండూ నోట్లో వేసుకుని, చెయ్యి మైక్రోస్కోపు ముసుగు గుడ్డకి తుడిచాడు. అక్క ఆ గుడ్డని లాగి ఉతికే బుట్టలో పడేసింది.

అతను తెచ్చింది రిపోర్టు ముసాయిదా. మొదటి పేజీలోనే పెద్ద బొమ్మ. నల్లటి నేపథ్యం మీద నీలంగా కేంద్రకాలు, వాటిచుట్టూ నిప్పులు చల్లినట్టు ఎర్రటి వెలుగు. మామూలు ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపుతో తీసింది. కింద ఒకే వాక్యం: గుళికలు కణంలోకి ప్రవేశించి, సంచుల్లోంచి తప్పించుకుని, కణద్రవంలో స్వేచ్ఛగా విడుదలవుతున్నాయి.

ఆ వాక్యం మీదే అంతా ఆధారపడి ఉంది. గుళిక నలభై నానోమీటర్లు. నడుమ ఇనుప గింజ, పైన కొవ్వు పూత, ఆ పూతకి ఎర్ర రంగు, అందులో కాలేయానికి మందు. కణం ఏదైనా బయటి వస్తువుని మింగేటప్పుడు తన పొరతోనే చిన్న సంచి చేసి అందులో చుట్టేసుకుంటుంది. తర్వాత ఆ సంచిలో ఆమ్లం పోసి అరిగించేస్తుంది. గుళిక సంచి దాటి బయటపడితేనే మందుకి బతుకు. లేకపోతే నోట్లో వేసుకున్న మాత్ర కడుపులోకి దిగకుండా గొంతులోనే కరిగిపోయినట్టు. రిపోర్టు నచ్చితే పరీక్షకుల బృందం తర్వాతి దశకి ఒప్పుకుంటుంది. తర్వాతి దశంటే నాలుగు వందల ఎలుకలు.

"ఇందులో నువ్వు రెండు మాటలు చెప్తున్నావు," అంది అక్క. "లోపలికెళ్ళాయన్నది ఒకటి. సంచిలోంచి బయటపడ్డాయన్నది ఇంకోటి. ఈ బొమ్మ రెంటిలో ఏదీ చెప్పదు."

"కనపడుతోందిగా. కణం నిండా ఎరుపేగా."

"కణం కాగితమా? దానికి ఎత్తుంది. ఈ మైక్రోస్కోపు పైనున్న వెలుగూ కిందున్న వెలుగూ అంతా కలిపి ఒకే బొమ్మలో పోస్తుంది. గుళిక నెత్తిమీద అంటుకున్నా, పొట్టలో ఉన్నా నీకు ఒకేలా కనపడుతుంది. ఏ డిష్‌లో గుళికలు పట్టాయి, ఏ డిష్‌లో పట్టలేదు, గంట గంటకీ ఎంత పెరిగాయి, ఇవి అడుగు. బతికున్న కణాన్ని పెద్దగా ఇబ్బంది పెట్టకుండా గబగబా చెప్తుంది. అంతకు మించి దాన్నడిగితే అది అబద్ధం చెప్పదు గానీ, నువ్వు చెప్పుకోడానికి పనికొస్తుంది."

తళుకు నవ్వాడు. "సరే, కాన్‌ఫోకల్‌లో పెడదాం. నీ మాట ఎప్పుడు కాదన్నాను?"

ఆ మధ్యాహ్నమే పెట్టారు. అతను కణాలు పెంచిన రెండు డిష్‌లు తెచ్చాడు. రెంటికీ గుళికలు పోసి అప్పటికి నాలుగు గంటలైంది. ఒకటి లేజరు కిందకు వెళ్ళింది. రెండోదాన్ని అక్క తన అలవాటు చొప్పున ఘాటైన స్థిరీకరణ ద్రావణంలో ముంచి, ఏ క్షణంలో ఎలా ఉన్న కణాలు ఆ క్షణంలో అలాగే ఆగిపోయేలా చేసి, ఫ్రిజ్‌లో దాచింది. ఎప్పుడైనా పనికొస్తుందని.

కాన్‌ఫోకల్‌లో లేజరు ఒక్కో చుక్కనూ వెలిగిస్తుంది. కాంతి తిరిగొచ్చే దారిలో సూదిబెజ్జమంత రంధ్రం ఉంటుంది. ఫోకస్‌లో ఉన్న అంతస్తు వెలుగే అందులోంచి దూరుతుంది. పైఅంతస్తులదీ కిందఅంతస్తులదీ గోడకి కొట్టుకుని ఆగిపోతుంది. అలా కణాన్ని కత్తి ముట్టకుండా పొరలు పొరలుగా కోసినట్టు చూడొచ్చు. అక్క అడుగునుంచి పైదాకా ముప్ఫై బొమ్మలు తీసింది. కణం బయటి పొరకి ఆకుపచ్చ రంగు వేసి ఉంది. వాటిని పేర్చి పక్కనుంచి చూపించింది. బోర్లించిన గిన్నెలా ఆకుపచ్చ గీత, గీత లోపల ఎర్ర చుక్కలు, గీత మీద కూడా ఎర్ర చుక్కలు.

"చూశావా? పదింటిలో మూడు గుమ్మం బయటే కూర్చున్నాయి. ఏడు లోపలున్నాయి. మొదటి మాట చాలామట్టుకు నిజమే, పండగ చేసుకో."

"ఆ ఏడూ బయటపడ్డట్టేగా మరి."

"గీత దాటి లోపలున్నాయి, అంతే. సంచిలో ఉన్నాయో లేవో దీనికి తెలీదు. కాంతికి ఒక హద్దుంది. రెండువందల నానోమీటర్లకన్నా దగ్గరగా ఉన్న రెండు వస్తువులు దానికి ఒకటే చుక్క. నీ గుళిక నలభై. దాని చుట్టూ సంచి పొర ఏడెనిమిది. బోగీలో ఎవరున్నారో దూరంగా పోతున్న రైలు దీపం చూసి చెప్పమంటే ఎలా? పొర కావాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపే."

"దానికి పదిరోజులు పడుతుంది. అన్నీ చచ్చిన కణాలు, తెలుపూ నలుపూ. చూసేవాళ్ళకి నిద్రొస్తుంది." అతను మౌస్ లాక్కున్నాడు. రెండు నొక్కుళ్ళలో ముప్ఫై బొమ్మల్నీ ఒకదానిమీద ఒకటి పడేసి, అన్నిట్లోనూ ఎక్కువ వెలుగున్న చుక్కల్ని ఏరి, ఒకే బొమ్మగా అణగదొక్కాడు. గుమ్మం బయట కూర్చున్న మూడూ, ఇంట్లో ఉన్న ఏడూ ఒక్క రాశిలో కలిసిపోయాయి. కణం నిండా నిప్పులు.

"అబ్బ! ఏముందక్కా! కింద 'కాన్‌ఫోకల్' అని రాస్తే సరి."

అక్క తెర వైపు చూస్తూ ఉండిపోయింది. కోసిన దాన్ని మళ్ళీ కలిపి కుట్టడానికా ఇంత యంత్రం! పొరలుగా చూడటానికి పెట్టిన మైక్రోస్కోపుతో పొరలు లేని బొమ్మ చేసి, యంత్రం పేరు మాత్రం అరువు తీసుకుంటున్నాడు. పట్టుబట్టల్లో చుట్టిన పాచిపోయిన కూరలా అనిపించింది. అతని వేళ్ళనుంచి మౌస్ మీదికి దిగిన బిస్కెట్ జిడ్డు తళతళలాడుతోంది. అతను వెళ్ళాక మౌస్‌ని మూడుసార్లు తుడిచింది.

ఇంట్లో అత్తగారు పప్పు కలుపుకుంటూ కోడలి ముఖం చూసి, "ఎవరిది కుళ్ళింది ఇవాళ?" అని అడిగింది. ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రిలో పుళ్ళు కడిగిన నర్సు ఆవిడ. భోజనం దగ్గర చీము గురించి మాట్లాడినా ముద్ద ఆగదు.

అక్క చెప్పింది, లేజరు, రంధ్రం లాంటివి వదిలేసి.

"పుండు మీద పౌడరు కొట్టినట్టా?" అంది అత్తగారు. "మా వార్డులో ఒక డాక్టరుండేవాడు. కట్టు విప్పి చూడమంటే పైన తెల్లగా ఉందిగా అనేవాడు. కట్టు తెల్లగా ఉంటే నా మొహం! వాసన చూడు నాయనా అనేదాన్ని."

"మీరు చెప్తే వినేవాడా?"

"వినలేదు. నేనే విప్పేదాన్ని."

మూడోరోజున అనుకోని సాయం వచ్చింది. ముసాయిదా చూసిన పరీక్షకుల బృందం నుంచి ఉత్తరం: గుళిక సంచిలోంచి బయటపడిందనడానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఆధారం చూపగలరు. మూడు వారాల్లో సమావేశం. డైరెక్టరు ఉత్తరాన్ని తళుకు చేతిలో పెట్టాడు. తళుకు దాన్ని అక్క బల్ల మీద పడేశాడు. "తీసి పెట్టక్కా, తప్పేదేముంది."

ఫ్రిజ్‌లో దాచిన డిష్ బయటికొచ్చింది. నేలమాళిగలో సెక్షన్లు, అంటే కణాల పలచటి ముక్కలు, కోసేది బాబాయ్. నిజానికి ఎవరికీ బాబాయ్ కాదు, జుట్టు నెరిసినందుకు అందరికీ అయ్యాడు. కణాలకు ఆస్మియం అనే బరువు లోహం పట్టించి నల్లబరిచాడు. నీళ్ళు తీసేసి గట్టిపడే జిగురు రెజిన్ పోసి, రెండు రోజులు ఓవెన్‌లో గట్టిపరిచాడు. తర్వాత వజ్రపు కత్తి ముందు కూర్చున్నాడు. కత్తి వెనక చిన్న నీళ్ళతొట్టి, అందులోకి డెబ్బై నానోమీటర్ల మందం ముక్కలు ఒకదాని వెనక ఒకటి వెండి రంగులో తేలుతూ వచ్చాయి. ఆయన కోస్తున్నంతసేపూ ఎవరూ దగ్గకూడదు. తలుపు తీసినా గాలికి ముక్క చెదిరిపోతుంది.

"బంగారు రంగొస్తే మందం ఎక్కువైనట్టు, పారెయ్యాలి," అన్నాడు కనురెప్ప వెంట్రుక కట్టిన పుల్లతో ఒక ముక్కని మెల్లగా తోస్తూ. "వెండి నిజం చెప్తుంది తల్లీ."

"బాబాయ్, నిజం చెప్పినా వినేవాడు ఉండాలి."

"అది నా డిపార్టుమెంటు కాదు."

తొమ్మిదో రోజున రాగి గ్రిడ్ అనే చిన్న జాలీ మీద ముక్కలు యంత్రంలోకి వెళ్ళాయి. గాలి లేని గొట్టంలో ఎలక్ట్రాన్లు కిందికి దూసుకొచ్చి తెర మీద బూడిదరంగు లోకాన్ని తెరిచాయి. ఇక్కడ ఎరుపు లేదు, నీలం లేదు. ఇనుప గింజలు మాత్రం మిరియాల్లా నల్లగా స్పష్టంగా కనపడ్డాయి. వాటి చుట్టూ సన్నటి గీతలో సంచి పొర. అక్కకి వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఒక సంచిలో నాలుగు, ఇంకో సంచిలో పదకొండు, ఇంకో దాంట్లో సగం అరిగిన చెత్తతో కలిసి ఆరు. చెత్తబుట్టలోకి చూస్తున్నట్టుంది. మందు మోయాల్సిన గుళికలన్నీ కణం పారేసిన మురికిలో కూరుకుపోయి ఉన్నాయి.

ముప్ఫై కణాలు చూసింది. బయటి గోడకి అంటుకున్నవి ముప్ఫైఒకటి. లోపల ఎనభైనాలుగు. అందులో డెబ్బైఎనిమిదింటికి చుట్టూ పొర నిక్కచ్చిగా ఉంది. ఆరింటి దగ్గర పొర మసకగా ఉంది, ఉందో లేదో తెలీకుండా. ఆ ఆరింటి కోసం నమూనాని వంచింది. సంచి పొరని ఏటవాలుగా కోస్తే అది గీతలా కాక పొగలా కనపడుతుంది. నమూనాని అటూఇటూ వంచితే ఏదో ఒక కోణంలో పొర ఎలక్ట్రాన్లకి నిలువుగా వచ్చి గీత బిగుసుకుంటుంది. నాలుగింటి దగ్గర అలా బిగుసుకుంది. రెండింటి దగ్గర ఎంత వంచినా పొగ పొగలానే ఉంది. ఆ రెండూ చెప్పలేం అని రాసుకుంది. వంచి తీసిన బొమ్మలతో సహా అన్నీ ఒక ఫోల్డరులో పెట్టి పంపింది.

మర్నాడు తళుకు తుదిప్రతి తెచ్చి చూపించాడు. సంతోషంగా ఉన్నాడు. "నువ్వన్నట్టే ఎలక్ట్రాన్ బొమ్మ పెట్టానక్కా."

ఒకే బొమ్మ. నల్లటి గింజ, చుట్టూ పొగ, పొర లేదు. పక్కన బాణం గుర్తు. కింద: సంచి నుంచి బయటపడి కణద్రవంలో స్వేచ్ఛగా ఉన్న గుళిక.

అక్క దాన్ని గుర్తుపట్టింది. ఆరింటిలో మూడోది. ముప్ఫై డిగ్రీలు వంచితే పొర పూర్తిగా తేలిన నాలుగింటిలో ఒకటి.

"దీన్ని వంచి తీసింది పక్కనే ఉంది. నంబరుతో సహా ఉంది."

"చూశాను."

"చూసి?"

"అది ఒక కోణం, ఇది ఒక కోణం. రెండూ నీ మైక్రోస్కోపు తీసినవేగా. నేనేం గీయలేదే."

 ఇన్నాళ్ళూ తగని మైక్రోస్కోపుతో తగని ప్రశ్న అడగడమే జబ్బనుకుంది అక్క. సరైన యంత్రం వస్తే నోరు మూతపడుతుందనుకుంది. సరైన యంత్రం వచ్చింది, ఎనభైరెండు సార్లు జవాబు చెప్పింది. వీడు అందులోంచి ఒకే ఒక్క నత్తి మాట ఏరుకుని దానికి బాణం తగిలించాడు.

"సిగ్గు లేదురా నీకు?" అంది. 

అతనికి కోపం రాలేదు. అదే ఇంకా రోతగా ఉంది. "నువ్వు నేర్పిందేనక్కా. నా థీసిస్ అప్పుడు గుర్తులేదూ? మూడు బొమ్మల్లో ఒకదాంట్లో కణంలోని చారలు సరిగా రాలేదు. చూడ్డానికి బాగాలేదు, తీసెయ్ అన్నావు. బాగున్నదే పెట్టాం. పాసయ్యాను." భుజం మీద చెయ్యివెయ్యబోయి, ఆవిడ మొహం చూసి వెనక్కి తీసుకున్నాడు. "అందరం చేసేదే."

అతను పోయాక అక్క సింకు దగ్గర నిలబడింది. ఎవరో వదిలేసిన టీ కప్పులు, ఒకదాంట్లో పచ్చటి బూజు. చేతులు కడుక్కుంది, మళ్ళీ కడుక్కుంది. ఆ బొమ్మ గుర్తుంది. చారలు సరిగా రాకపోవడానికి కారణం ఏమిటో ఆ రోజు ఇద్దరిలో ఎవరూ వెతకలేదు. భోజనానికి వెళ్ళే తొందర. తీసెయ్ అంది, అంతే. ఇప్పుడు ఆ మాట బాగా తిని బలిసి, పెద్ద ఉద్యోగం చేసుకుంటూ, ఎదురొచ్చి అక్కా అంటోంది. అతని మీద ఎంత ఏవగింపు కలిగిందో తన మీదా అంతే కలిగింది. ఎక్కువేనేమో కూడా.

డైరెక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన అంతా విని, కళ్ళజోడు తుడుచుకుంటూ, "శాస్త్రీయ భేదాభిప్రాయం అక్కా ఇది. మీరిద్దరూ కూర్చుని తేల్చుకోండి," అన్నాడు. మర్నాడు మళ్ళీ తళుకు దగ్గరికి వెళ్ళింది. సమావేశం అయ్యాక చూద్దామన్నాడు. సమావేశం ముందురోజు ఇంకోసారి వెళ్ళింది. గదిలో లేనని చెప్పించాడు. తలుపు అద్దంలోంచి అతని బూట్లు కనపడుతూనే ఉన్నాయి.

సమావేశానికి అక్కని పిలిచింది కంప్యూటరు నడపడానికి. గోడ వైపు చిన్న బల్ల, దానిమీద కంప్యూటరు. ముగ్గురు పరీక్షకులు. ఉత్తరం రాసింది మధ్యలో కూర్చున్న పెద్దావిడ అని మాట తీరు వింటేనే తెలిసింది. తళుకు అరగంట మాట్లాడాడు. ఎర్రటి నిప్పులు గోడంతా పరుచుకున్నాయి. డైరెక్టరు తల ఊపాడు. చివర నలుపూ తెలుపూ బొమ్మ, బాణం.

"ఇందులో పొర కనపడటం లేదు, సరే," అంది పెద్దావిడ. "కనపడటం లేదా, అసలు లేదా?"

"లేదండీ."

"ఎన్ని చూశారు?"

"చాలా చూశామండీ. వాటన్నిటికీ ప్రతినిధిగా ఇదొకటి పెట్టాం."

"నమూనా వంచి చూశారా?"

తళుకు అక్క వైపు చూడలేదు. "మా మైక్రోస్కోపులో వంచే సదుపాయం రిపేరులో ఉందండీ. ఎన్నాళ్ళుగానో చెప్తున్నాం."

అక్క ఇంతవరకూ మాట్లాడకూడదనే అనుకుంది. ఉద్యోగం, అత్తగారు, లారీ తోలుకుంటూ నెలకి పదిరోజులే ఇంట్లో ఉండే మొగుడు, అన్నీ లెక్కలోకి వచ్చాయి. కానీ ఆ వంచే మర! దానికి ప్రతి శుక్రవారం తను దుమ్ము తుడుస్తుంది. ఒక్కనాడూ మొరాయించలేదు. తన అబద్ధానికి నోరులేని యంత్రాన్ని పూచీ పెడుతున్నాడు. 

"పనిచేస్తోందండీ," అంది.

అందరూ గోడ వైపు తిరిగారు.

"మీరు?" అంది పెద్దావిడ.

"ఆ గది నాదండీ. నేనే తీశాను. ఈ బొమ్మనే వంచి కూడా తీశాను." అనుమతి అడగలేదు. ఫోల్డరు తెరిచి, అదే గింజని ముప్ఫై డిగ్రీల దగ్గర తెర మీద పెట్టింది. పొగ స్థానంలో సన్నటి నల్లగీత, గింజ చుట్టూ ఉంగరంలా.

 పెద్దావిడ లేచి తెర దగ్గరికి వచ్చి, ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది. "మొత్తం ఎన్ని?"

"లోపల ఎనభైనాలుగండీ. ఎనభైరెండు సంచుల్లో ఉన్నాయి. రెండు చెప్పలేం. బయటపడ్డదని గట్టిగా చెప్పగలిగింది ఒక్కటీ లేదు."

"అయితే ఇవి ఎప్పటికీ బయటపడవంటారా?"

"అలా అనలేనండీ. నాలుగో గంటకి ఆపేసిన కణాలివి. పన్నెండో గంటకి ఏమవుతుందో ఈ ముక్కలకి తెలీదు. చూసింది ముప్ఫై కణాలే. బతికున్న కణాల్ని మామూలు ఫ్లోరోసెన్స్‌లో రోజంతా చూస్తే వెలుగు ఎప్పుడు మారుతోందో తెలుస్తుంది. మారిన గంట దగ్గర ఆపి, లోపలా బయటా అన్నది కాన్‌ఫోకల్‌ని అడగాలి. పొర ఉందా లేదా అన్నది దీన్నడగాలి. ఒకదాని పని ఇంకోదానికి చెప్తే..." ఆగిపోయింది. మిగతాది మర్యాదగా చెప్పడం రాలేదు.

"తెలిసింది," అంది పెద్దావిడ. కూర్చుని, రిపోర్టులో ఆ వాక్యం మీద అడ్డంగా గీత గీసింది. గీసేటప్పుడు కాగితం చిరిగింది.

తళుకు అప్పుడు నవ్వాడు. "సాంకేతిక సిబ్బందికీ మాకూ సమాచార లోపం జరిగినట్టుందండీ," అన్నాడు. డైరెక్టరు కూడా, "అవునవును, లోపం," అన్నాడు. మాడిన అన్నం మీద మూత పెట్టినట్టు ఇద్దరూ ఆ మాటతో కప్పేశారు.

మెట్ల దగ్గర తళుకు అందుకున్నాడు. "ఇంతమందిలోనా? విడిగా చెప్తే వినేవాణ్ణిగా."

"విడిగా రెండుసార్లు వచ్చాను. రెండోసారి నీ బూట్లతో మాట్లాడి వచ్చాను."

అతను బూట్ల వైపు చూసుకుని మెట్లు దిగిపోయాడు.

పెద్ద ప్రళయమేం రాలేదు. ఎలుకల అనుమతి ఆగింది. ఆరు నెలల్లో కొత్త ప్రయోగాలతో రిపోర్టు మళ్ళీ తెమ్మన్నారు. తళుకు కుర్చీ తళుకుదే. సంచిలో చిక్కుకున్న గుళికల్ని బయటపడేసే కొత్త పూత కనిపెడతానని వారంలోనే ఉపన్యాసం ఇచ్చాడు, ఆ చిక్కుకోవడాన్ని తనే కనుగొన్నట్టు. జనం చప్పట్లు కొట్టారు. వెనక వరసలో బాబాయ్ మాత్రం అక్క చెవిలో, "ఈ చప్పట్లకి నా సెక్షన్లు చెదిరిపోతాయి, పద పోదాం," అన్నాడు.

అక్క తన వంతు ఒకటి చేసింది. పాత థీసిస్ ఫైళ్ళు తవ్వి, తీసెయ్యమన్న బొమ్మ వెతికింది. దొరికింది. చారలు సరిగా రాకపోవడానికి కారణం లెన్సు మీద నూనె మరక, బొమ్మ అంచున దాని మసక కనపడుతూనే ఉంది. ఫలితంలో తప్పేమీ లేదు. తెలిశాక తేలికపడుతుందనుకుంది. పడలేదు. ఆ రోజు కారణం తెలీకుండానే తీసెయ్ అంది, అది మారదు. ఇంట్లో అత్తగారికి ఆ సంగతి చెప్పింది.

"నేనూ ఒకసారి కట్టు విప్పకుండా వదిలేశాను," అంది అత్తగారు. ఆ మనిషి ఏమయ్యాడో చెప్పలేదు. 

సవరించిన రిపోర్టు చూడమని పంపారు. పాత వాక్యం పోయింది. దాని చోట పట్టిక వచ్చింది. బయటి గోడ మీద: ముప్ఫైఒకటి. సంచుల్లో: ఎనభైరెండు. అక్కడితో ఆగిపోయింది. అక్క కాగితం పట్టుకుని తళుకు గదికి వెళ్ళింది.

"ఒక వరస లేదు."

"ఏ వరస?"

"చెప్పలేం: రెండు."

"అది పెడితే వికారంగా ఉంటుందక్కా. పని తెలీనివాళ్ళు చేసినట్టుంటుంది. ఎనభైనాలుగులో రెండు ఎవడిక్కావాలి?"

"వికారంగానే ఉండనీ."

అతను కాసేపు పెన్ను తిప్పాడు. వాదించడానికి నోరు తెరిచి, బల్లకి అవతల ఆవిడ కదలకుండా నిలబడి ఉండటం చూశాడు. కంప్యూటరు దగ్గరికి జరిగి, పట్టిక కింద కొత్త వరస చేర్చి, రెండు అంకె కొట్టాడు. అక్క అతని భుజం మీదుగా అది పడేదాకా చూసింది. తర్వాత ప్రింటు తీసుకుని నేలమాళిగకి దిగింది. అక్కడ బాబాయ్ కొత్త రెజిన్ కలుపుతున్నాడు. ఆ ఘాటుకి ముక్కు మండింది. తలుపు తెరిచి పెట్టి, చేతులకి తొడుగులు వేసుకుని, పన్నెండో గంట డిష్ ఎక్కడుందని అడిగింది.